ఫోటో పెట్టే ముందు నాకోసారి పంపవే

"మాది నల్లగొండ. ఇంటర్ నుంచి ఒకతే దోస్తు, అక్కాచెల్లెళ్ల లెక్క ఉంటాం. ఎక్కడికి పోయినా నా ఫోటోలు తీసి అదే రోజు స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెట్టేస్తుంది, ట్యాగ్ కూడా చేస్తుంది. మొన్న సాగర్ పోయి ఇంకా ఇంటికి రాకముందే మా చిన్నమ్మ ఫోన్ చేసి 'సాగర్ పోయినవంట కదా' అంది. ఫోటోల్లో తప్పేం లేదు, నేను దాచుకునేదీ ఏం లేదు. అయినా నాకు నచ్చట్లేదు. చెబితే నేను సిగ్గుపడుతున్నా అనుకుంటుందో, తనను తప్పు పడుతున్నా అనుకుంటుందో, తన ఫోన్ మీద పెత్తనం చేస్తున్నా అనుకుంటుందో అని ఆరు నెలలుగా నోరు మెదపలేదు. మాట ఎట్ల తీయాలి?"

చెల్లె, మా ఆయనా నేనూ ఇదే ఊళ్లో ఫోటో స్టూడియో పెట్టి 17 ఏళ్లయింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తాం, బాగా వచ్చినవి మా స్టూడియో పేజీలో పెడతాం. పెళ్లికూతురు, పెళ్లికొడుకు సరే అంటారు కానీ పక్కన నిలబడ్డ దోస్తులను, చుట్టాలను ఎవరూ అడగరు. అందుకే "ఆ ఫోటో తీసేయండి" అని నెలకు ఒకరో ఇద్దరో ఫోన్ చేస్తూనే ఉంటారు. అంటే నువ్వు చెప్పాలనుకుంటున్న మాటను నేను ఎన్నోసార్లు విన్నాను, అదీ ఫోటో పెట్టిన మనిషిగా. ఏ మాటకు మనసు చివుక్కుమంటుందో, ఏ మాటకు "అయ్యో, ఇప్పుడే తీస్తా" అని వెంటనే చేయి ఫోన్ మీదికి పోతుందో కొంచెం తెలిసింది.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఒక పెళ్లికూతురి దోస్తు చేసిన ఫోన్. మంగళస్నానాలప్పుడు ముఖమంతా పసుపు, నోరారా నవ్వుతున్న ఫోటో ఆమెది. చాలా బాగా వచ్చిందని మేమే మురిసిపోయి పేజీలో పెట్టాం. ఆమె ఫోన్ చేసి, "అక్కా, పేజీలో నా ఫోటో చూసిన, మస్తుగొచ్చింది. నేను నెట్‌లో ఫోటోలు పెట్టుకోను, అది తీసేయండి. నాకు మాత్రం అదే ఫోటో పన్నెండు ఎనిమిది సైజులో ఒక ప్రింట్ కావాలి, ఎంతయితది?" అంది. అంతే. ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. నాకు కోపం రాలేదు, ఏదో తప్పు చేశామన్న బాధా కలగలేదు. ఆమె ఆ ఫోటోను చూసి సిగ్గుపడుతుందని అయితే అసలు అనిపించలేదు, సిగ్గుపడే ఫోటోకు ఎవరూ డబ్బులిచ్చి ప్రింట్ తీసుకోరు కదా. నీకు చెప్పాల్సింది ముప్పాతిక వంతు ఆ ఫోన్‌లోనే ఉంది. ఫోటో కావాలి, నెట్‌లో మాత్రం వద్దు. ఈ రెండూ ఒకేసారి, ఒకే గొంతుతో చెప్పాలి.

ఎందుకంటే దోస్తు ఫోటో పెట్టేది నీ గుట్టు బయటపెట్టడానికి కాదు. "ఈ పిల్ల నా దోస్తు, మేమిద్దరం ఇట్ల తిరుగుతం" అని నలుగురికి చూపించుకోవడం ఆమెకు సంబరం. "నా ఫోటో పెట్టకు" అని ఒట్టిగా అంటే ఆమెకు వినిపించేది "నీతో ఉన్నట్టు నలుగురికి తెలియడం నాకు ఇష్టం లేదు" అని. నొప్పి అక్కడ పుడుతుంది. అదే మాటతో పాటు "సాగర్ ఫోటోలన్నీ నాకు పంపవే, నా దగ్గర ఒక్కటీ లేదు" అన్నావనుకో, ఆ నొప్పికి చోటే ఉండదు.

ఇక మాట తీసే ముందు ఒక పని చెయ్. ఆమె ఇన్‌స్టా తెరిచి నువ్వున్న చివరి పది ఫోటోలు ఒక్కొక్కటి చూడు. ప్రతి దాని దగ్గర ఆగి, ఇది ఉంటే నాకు ఏం ఇబ్బంది అని అడుగు. ఫోటోలే నచ్చట్లేదని వచ్చినవాళ్లలో చాలామందికి అసలు నచ్చనిది ఇంకేదో ఉంటుంది. ఒకరికి ఫోటో ఉన్నా ఫర్వాలేదు, ట్యాగ్ చేయడం వద్దు, ఎందుకంటే ట్యాగ్ నొక్కితే నేరుగా తమ అకౌంట్‌కు వస్తారు. ఒకరికి పది మందితో గ్రూప్ ఫోటో అయితే సరే, ఒంటరి ఫోటో వద్దు. ఒకరికి తింటున్నప్పుడో నిద్రపోతున్నప్పుడో తెలియకుండా తీసినవి వద్దు. నీ ప్రశ్న చదివితే నిన్ను కుట్టింది ముఖం కాదనిపిస్తుంది. చిన్నమ్మ ఫోన్ నిన్ను కుట్టింది. నువ్వు ఎక్కడున్నావో నువ్వు చెప్పకముందే ఊరికి తెలిసింది. అదే నిజమైతే నీకు కావాల్సింది "అసలు పెట్టకు" కాదు, "నాకు చూపించి, నేను సరే అన్నాక పెట్టు". ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రెండోది అడిగితే ఆమె తొంభై శాతం తన ఇష్టప్రకారమే ఉంటుంది, నీకు కావాల్సింది నీకు దొరుకుతుంది. కాదు, నాకు ఒక్క ఫోటో కూడా వద్దు అనిపిస్తే అదీ అడగొచ్చు, తప్పులేదు. ఏది కావాలో నీకు తేలకుండా మాత్రం మాట తీయకు. సగం సగం చెబితే ఆమె తనకు నచ్చిన సగం తీసుకుంటుంది.

ఇప్పుడు మాట ఎక్కడెక్కడ చెడిపోతుందో చెప్తాను, నువ్వు భయపడ్డ మూడూ వరుసగా వస్తాయి.

సిగ్గు ధ్వనించేది ఎప్పుడంటే మనం కారణాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు. "మా అమ్మ తిడతదే", "మా బావ చూస్తే బాగుండదు", "నేను లావుగా కనిపిస్తున్న" అంటాం. ఆ క్షణానికి తేలిగ్గా అనిపిస్తుంది, నెపం వేరేవాళ్ల మీద పోయింది కదా అని. కానీ దోస్తు అనేది కష్టం తీర్చే మనిషి. అమ్మ తిడుతుందంటే "గంతేనా, ఆంటీకి కనిపించకుండ హైడ్ చేస్తలే" అంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో My contacts except… అనేది ఉండనే ఉంది, పేరు మీద టిక్ పెడితే చాలు. లావుగా ఉన్నానంటే "పిచ్చిదానివా, ఎంత ముద్దుగున్నవ్" అంటుంది, లేదంటే ఫిల్టర్ వేసి మళ్లీ పెడుతుంది. నువ్వు చెప్పిన కారణం తీరిపోయింది, ఫోటో మాత్రం అక్కడే ఉంది, ఇప్పుడు నువ్వు ఇంకో కారణం వెతకాలి. రెండో కారణం చెప్పగానే మొదటిది అబద్ధమని తేలిపోతుంది. పైగా ఇంట్లోవాళ్లకు భయపడే పిల్లవని ముద్ర. నిజంగా ఇంట్లో ఇబ్బంది ఉన్నవాళ్లు అది చెప్పుకోవాల్సిందే, వాళ్ల సంగతి వేరు. నీకు అది కానప్పుడు చిన్నమ్మను కూడా ఈ మాటలోకి లాగకు. చిన్నమ్మ పేరు ఎత్తితే ఆమె చిన్నమ్మను హైడ్ చేస్తుంది, కథ అక్కడికి ముగుస్తుంది.

"నాకు ఇట్ల ఇష్టం" అనేదానికి మాత్రం విరుగుడు లేదు. ఎవరూ దాన్ని తీర్చలేరు, కాదనలేరు. అదే అన్నిటికంటే గట్టి కారణం, అదే అన్నిటికంటే చిన్నది.

తప్పుపట్టినట్టు వినిపించేది "ఎందుకు" అనే మాటతో. "అడగకుండ ఎందుకు పెట్టినవ్?" అంటే మన దగ్గర అది ప్రశ్న కానే కాదు, పంచాయితీకి పిలిచినట్టు. వినగానే ఎదుటిమనిషి సంజాయిషీ వెతుక్కుంటుంది, లేదంటే ఎదురు తిరుగుతుంది. "ఎప్పుడు జూసినా", "ఎన్నిసార్లు", "నువ్వేమో" అనేవి కూడా అదే జాతి. ఇంకొకటి, ఆరు నెలలు మౌనంగా ఉన్నావు, ఆ ఆరు నెలల ఫోటోల మీద నువ్వే లైకులు కొట్టి ఉంటావు, కనీసం ఒక గుండె బొమ్మ అయినా పెట్టి ఉంటావు. అవన్నీ ఆమెకు నీ ఒప్పుకోలే. అందుకే వెనక్కి తవ్వకు. జరిగిన దాని గురించి మాట్లాడితే అది ఫిర్యాదు, జరగబోయే దాని గురించి మాట్లాడితే అడగడం. మాటలో కాలం మార్చితే చాలు. "పెట్టినవ్" అనే రూపం రాకుండా చూసుకో, "పెట్టే ముందు" అనేది రానివ్వు.

పెత్తనం సంగతికి ఒక గీత గీసుకో. ముఖం నీది, ఫోన్ ఆమెది. నీ ముఖం బయటికి పోయేదాని గురించి అడుగు. ఆమె ఎన్ని ఫోటోలు తీస్తుంది, గ్యాలరీలో ఏం ఉంచుకుంటుంది, తన సొంత ఫోటోలు ఎన్ని పెట్టుకుంటుంది అనేవి నీకు సంబంధం లేనివి. "అవన్నీ నా ముందే డిలీట్ చెయ్" అన్న మనిషి ఫోటో గురించి మాట్లాడుతున్నట్టు ఉండదు, తనిఖీ చేస్తున్నట్టు ఉంటుంది. అట్లాగే "ఈ స్టేటస్‌ల పిచ్చి ఏందే నీకు" అని నవ్వుతూ అన్నా సరే అది ఆమె మీద వ్యాఖ్య, నీ మీద కాదు.

ఇవన్నీ పక్కన పెడితే మాట ఎంత మిగిలిందో చూడు:

"సాగర్ ఫోటోలు మస్తుగొచ్చినయ్ వే, అన్నీ నాకు పంపు. ఇగ నుంచి నేనున్న ఫోటో పెట్టే ముందు నాకోసారి పంపవే, నేను ఓకే అన్నంక పెట్టు. నాకట్ల మంచిగుంటది."

నాలుగు చిన్న ముక్కలు. మొదటిది ఫోటో కావాలని అడగడం, రెండోది ఏం చేయాలో చెప్పడం, మూడోది ఎప్పుడు పెట్టొచ్చో చెప్పడం, నాలుగోది నీ ఇష్టం. "ఏమనుకోకు" అని మొదలుపెట్టలేదు చూశావా? ఏమనుకోకు అనగానే ఎదుటివాళ్లు ఏదో అనుకోవడానికి సిద్ధమైపోతారు. "సారీ" కూడా లేదు, నువ్వు చేసిన తప్పేం లేదు కాబట్టి. "ప్లీజ్" ఒకటి ఉన్నా నష్టం లేదు కానీ రెండుంటే బతిమాలినట్టు. "పెట్టకు" అనే మాట అసలు రాలేదు, "పెట్టు" వచ్చింది. అడిగేది కాస్త ఆగమనే, కానీ ఆమె చెవిలో పడేది పెట్టమనే. "పంపవే"లో ఉన్న ఆ "వే" తీసేయకు. ఆరు నెలలు దిగమింగుకున్న మాట చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే బిగుసుకుపోయి "పంపండి", "పంపగలవా" అనే మర్యాదలోకి పోతాం. రోజూ ఏమే, ఓయ్ అనుకునే దోస్తు దగ్గర మర్యాద మొదలైందంటే అదే ఆమెకు దెబ్బ. రోజూ ఎట్ల పిలుస్తావో అట్లనే పిలువు.

తర్వాత ఆమె "ఎందుకే? ఏమైంది?" అంటుంది. తప్పకుండా అంటుంది. అసలు పరీక్ష అక్కడే. చాలామంది మొదటి మాట బాగా చెప్పి ఇక్కడ జారిపోతారు, ఖాళీ నింపడానికి చిన్నమ్మ దగ్గరి నుంచి పేపర్‌లో చదివిన మోసాల దాకా అన్నీ చెప్పేస్తారు. నువ్వు "ఏం కాలే. నాకట్ల ఇష్టం, గంతే" అను, వెంటనే ఇంకో ముచ్చట ఎత్తు. నాకు తెలిసిన ఇద్దరు దోస్తుల మధ్య నడిచిన మాటలు దాదాపు ఇట్లనే ఉన్నాయి:

"ఎందుకే, ఎవరన్న ఏమన్న అన్నరా?"

"లే. చూసినంక పెడితే నాకు మంచిగుంటది."

"నేనేమన్న పిచ్చి ఫోటోలు పెట్టిన్నా?"

"ఏ, నువ్వు తీసినయ్ మంచిగనే ఉంటయ్, అందుకేగా అన్నీ పంపుమంటున్న. పానగల్ల తీసినవి గూడ పంపు."

"సరె తియ్. ఇప్పుడే పంపుత."

"నేనేమన్న పిచ్చి ఫోటోలు పెట్టిన్నా" అన్న ప్రశ్నకు ఆ పిల్ల "లేదు లేదు, నీ తప్పేం లేదు" అని సాగదీయలేదు, గమనించు. మరీ ఎక్కువ ఓదారిస్తే నిజంగానే ఏదో తప్పు ఉందేమో అనిపిస్తుంది. తీసిన ఫోటోను మెచ్చుకుని, ఫోటోలే అడిగింది. పానగల్ గుళ్లో ఛాయా సోమేశ్వరుని నీడ దగ్గర ఇద్దరూ దిగిన ఫోటో ఆమె దగ్గర ఇప్పటికీ ఫ్రేమ్ కట్టి ఉంది. మా స్టూడియోలోనే కట్టించుకుంది కాబట్టి చెప్తున్నా.

ఎప్పుడు చెప్పాలి అంటే, ఫోటో పెట్టిన సాయంత్రం మాత్రం వద్దు. అప్పుడు ఆమె ఎవరెవరు చూశారో లెక్కపెట్టుకుంటూ సంతోషంగా ఉంటుంది, నీకేమో కడుపు మండుతుంటుంది, రెండూ ఒకచోట కలవవు. ఫోటో కింద కామెంట్‌లో వద్దు, ముగ్గురు నలుగురున్న గ్రూప్‌లో అయితే అసలే వద్దు. అందరి ముందు అడిగితే ఆమె జవాబు నీకు కాదు, చూసేవాళ్లకు చెప్తుంది. మంచి సమయం ఏదంటే తర్వాతిసారి ఎక్కడికైనా పోయేటప్పుడు బస్సులో, బండి మీద, లేదంటే ఛాయ్ తాగుతూ, ఫోటో తీయకముందు. ఎదురుగా చెప్పడానికి ధైర్యం రాకపోతే వాయిస్ మెసేజ్ పంపు, పదిహేను సెకన్లలో అయిపోతుంది. రాసి పంపితే గొంతు ఉండదు, నువ్వు నవ్వుతూ రాసింది ఆమె చిరాకుగా చదువుకుంటుంది. రాయాల్సిందే అయితే మామూలుగా ఎట్ల రాస్తావో అట్లనే రాయి, ఎప్పుడూ పెట్టని ఫుల్‌స్టాప్‌లు ఆ రోజే పెట్టకు.

ఇంకొకరితో చెప్పించకు. ఇది నా సొంత అనుభవం. నా చిన్ననాటి దోస్తు ఒకామె, ఇద్దరం ఒకే బెంచి మీద కూర్చున్నవాళ్లం. వాళ్ల గృహప్రవేశంలో ఆమెను తీసి నా సొంత ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఆమెకు నచ్చలేదు. నాకు చెప్పకుండా వాళ్లాయనతో చెప్పింది, ఆయన మా ఆయనతో చెప్పాడు. మా ఆయన భోజనం చేస్తూ "ఆ ఫోటో తీసేయమంటున్నరు" అన్నాడు. ఫోటో అయితే రెండు నిమిషాల్లో తీసేశాను. కానీ "నాతో ఒక్కమాట అంటే ఏం పోయేది" అని ఏడాది పాటు ఆమెకు ఫోన్ చేయలేదు. ఆమె మొహమాటంతోనే అట్ల చేసిందని నాకు తర్వాత తెలిసింది. నేరుగా చెబితే నేను నొచ్చుకుంటానని ఆమె భయం, చెప్పనందుకే నేను నొచ్చుకున్నాను.

సరే, ఆమె ఒప్పుకుంది అనుకుందాం. పని అక్కడితో అయిపోదు, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒప్పందం నిలబడేది నువ్వు ఎంత తొందరగా జవాబు ఇస్తావన్న దాని మీద. స్టేటస్ 24 గంటల వస్తువు, దాని మజా ఆ పూటకే. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఆరున్నరకు ఆమె ఫోటో పంపి అడిగితే నువ్వు రాత్రి పదిన్నరకు చూసి సరే అంటే, బతుకమ్మలు నిమజ్జనం అయిపోయి అందరూ ఇండ్లకు చేరి ఉంటారు. రెండుసార్లు అట్లయితే మూడోసారి ఆమె అడగదు, అది ఆమె తప్పు కూడా కాదు. పెళ్లి ఆల్బమ్‌కు ఫోటోలు ఎంచుకోమని పంపినప్పుడు మేమూ ఇదే చూస్తాం, జవాబు రాకపోతే చివరికి మాకు తోచినవే వేస్తాం. కాబట్టి ఆమె పంపిన వెంటనే చూడు. మొదటిసారి పంపినప్పుడు వీలైతే సరే అను. నిన్ను అడిగితే వద్దనే అంటావని కాదు, అడిగితే పని సులువుగా అవుతుందని ఆమెకు తెలియాలి. వద్దనాల్సి వస్తే "ఇది వద్దు, దీనికి ముందు తీసినది పెట్టు" అని ఇంకోటి చూపించు. నువ్వు ఎక్కడున్నావో తెలియడమే నీ ఇబ్బంది కాబట్టి "రేపు ఇంటికి పోయినంక పెట్టు" అన్నా సరిపోతుంది, చాలాసార్లు ఆ ఒక్క రోజు ఆలస్యంతోనే నీ ఇబ్బంది తీరుతుంది.

మొదటి నెలలో ఆమె ఒక్కసారైనా మర్చిపోతుంది. ఏళ్ల అలవాటు చెప్పగానే పోదు. అప్పుడు "చెప్పిన కదే" అనకు. "పంపుడు మర్చిపోయినట్టున్నవ్, ఇది తియ్యవే" అని ఆమెకే రాయి. మర్చిపోవడం అనే కారణం నువ్వే చేతికిస్తున్నావు, ఆమె దాన్ని పట్టుకుని "అవునే, తీస్తున్న" అంటుంది. వరుసగా మూడోసారి కూడా అదే జరిగితే అది మరుపు కాదు. అప్పుడు మాట పెంచకుండా పద్ధతి మార్చు. ఫోటో అనగానే "నా ఫోన్‌ల తీద్దాం" అని నీ ఫోన్ ఇయ్యి, లేదంటే కెమెరా వెనక నువ్వు నిలబడు. కొన్నాళ్లకు ఆమే అడుగుతుంది, అప్పుడు మాట్లాడటం తేలిక.

ఫోన్‌లో నువ్వే చేసుకోగలిగింది కొంత ఉంది. ఇన్‌స్టాలో ట్యాగ్‌ల సెట్టింగ్‌కు పోయి Manually approve tags ఆన్ చేస్తే, నువ్వు ఒప్పుకోకుండా ఆ ఫోటో నీ ప్రొఫైల్‌లో కనిపించదు. ఇప్పటికే ఉన్న పోస్టులో నీ పేరు మీద నొక్కితే ట్యాగ్ తీసేసుకునే దారి వస్తుంది. కానీ ఇది నీ పేరుకు గొళ్లెం మాత్రమే. ఫోటో ఆమె పేజీలో అట్లనే ఉంటుంది, చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. స్టేటస్ విషయంలో నీ చేతిలో ఏమీ లేదు, దాన్ని ఎవరు చూడాలో పెట్టినవాళ్లే ఎంచుకుంటారు, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసినా ఆమెకు కూడా తెలియదు. అందుకే ముందు మాట, తర్వాతే సెట్టింగ్. చెప్పకుండా ట్యాగ్‌లన్నీ పీకేసి, ఆమె ఒకరోజు చూసుకుని "నన్నెందుకు తీసేసినవ్" అని అడిగే పరిస్థితి తెచ్చుకోకు.

ఇంకో సంగతి, అడిగే ముందు నీ ఖాతా కూడా ఒకసారి చూసుకో. ఆమె ఫోటోలు, ఆమె పిల్లల ఫోటోలు నువ్వు అడగకుండా పెట్టినవి ఉంటే మొదట అదే మాటగా చెయ్యి: "నీ బిడ్డ ఫోటో నా దాంట్ల ఉందే, ఉంచాల్నా తియ్యాల్నా?" అని అడుగు. ఇది ఎత్తుగడ కోసం కాదు, నిజంగానే అడగాలి. ఇద్దరికీ ఒకటే పద్ధతి అయితే పెత్తనం అనే మాట పుట్టదు.

ఇదంతా ప్రేమతో పెట్టే దోస్తు గురించి. వద్దన్నాక పంతానికి పెట్టేవాళ్లు, ఫోటో మార్చి పెట్టేవాళ్లు, పెడతానని బెదిరించేవాళ్లు వేరే లెక్క. అక్కడ మాటల పొందిక పని చేయదు. ఆ పోస్టు, పేరు, తేదీ కనిపించేట్టు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని షీ టీమ్స్‌కు చెప్పాలి, లేదంటే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయాలి. నీ దోస్తుకు ఇది ఏమాత్రం వర్తించదు, ఆమె ముందు పోలీసు, కేసు అనే మాటలు నవ్వులాటకు కూడా తేకు.

పాత ఫోటోల సంగతి అడగలేదు కానీ నీ మనసులో ఉండే ఉంటుంది. మొదటి మాట చెప్పిన రోజే వాటిని ఎత్తకు. స్టేటస్‌లో, స్టోరీలో పెట్టినవి మరుసటి రోజుకే పోయాయి, హైలైట్స్‌లో దాచినవి, పోస్టుగా పెట్టినవి మాత్రమే ఉన్నాయి. ఒక నెల పోనీ. ఆమె రెండు మూడుసార్లు నిన్ను అడిగి పెట్టడం అలవాటయ్యాక, ఆ పదిలో నిన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి ఒకటో రెండో ఎంచుకుని వాటి స్క్రీన్‌షాట్ పంపి "ఈ రెండు తియ్యవే" అను. పదికి పది తీయమంటే ఆమె ఇన్‌స్టాలో ఏడాదిపాటు మీరిద్దరూ తిరిగిన జ్ఞాపకమంతా తుడిచేయమన్నట్టు ఉంటుంది. రెండంటే మధ్యాహ్నం అన్నం తినేలోపు తీసేస్తుంది. తీశాక "మంచిగైందే" అని ఒకమాట రాయి, సాగర్ ఫోటోలు ఇంకా పంపకపోతే అవి కూడా అడుగు.